ఒక్క పేజీ ట్రేడింగ్ ప్లాన్: కింది గీత నుంచి పైకి రాస్తే ఏం మారుతుంది?

మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతురు గుంటూరు వచ్చినప్పుడు హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. తను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో అకౌంట్స్ చూస్తుంది. రెండేళ్ళుగా దాచిన లక్ష రూపాయలతో షేర్లలో ట్రేడింగ్ మొదలుపెడదామని అనుకుంటోంది. "మొదలుపెట్టే ముందు ఒక్క పేజీలో ప్లాన్ రాసుకోమని అందరూ అంటున్నారు. రాశాను అన్నయ్యా, ఒకసారి చూడు" అంది.

కాగితం మీద నాలుగు లైన్లున్నాయి.

మార్కెట్: నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ, మంచి షేర్లు.
సెటప్: బ్రేకౌట్ వస్తే కొనడం.
రిస్క్: ఎక్కువ తీసుకోను, స్టాప్‌లాస్ తప్పకుండా పెడతాను.
ఆపడం: నష్టాలు ఎక్కువైతే ఆపేస్తాను.

స్టాప్‌లాస్ అంటే ధర ఇంతకు దిగితే అమ్మేయాలని ముందే పెట్టుకునే హద్దు. ఉండాల్సిన నాలుగు శీర్షికలూ ఉన్నాయి. కానీ ఒక్కో లైను కింద వేలు పెట్టి అడుగుతూ పోతే దేనికీ జవాబు లేదు. మంచి షేరంటే ఏది? ఎక్కువంటే ఎంత? నష్టాలు ఎన్నయితే ఎక్కువైనట్టు? ప్లాన్‌లోని లైను పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆ కాగితాన్ని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఒకే రోజు చార్టు చూపిస్తే ఇద్దరూ ఒకే నిర్ణయానికి రావాలి. రాకపోతే అక్కడ రాసింది నియమం కాదు, మన మంచి ఉద్దేశం మాత్రమే.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, అంటే ఎఫ్ అండ్ ఓలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అంతకు రెండు నెలల ముందు వచ్చిన ఇంకో అధ్యయనంలో, షేర్లు కొన్న రోజే అమ్మేసే ఇంట్రాడే చేసే ప్రతి పదిమందిలో ఏడుగురికి నష్టమే మిగిలిందని తేలింది. ఇవి చదివినవాళ్ళు రెండు రకాలుగా ఆలోచిస్తున్నారు. ట్రేడింగే వద్దనేవాళ్ళు కొందరు. ప్లాన్ లేకపోవడం వల్లే ఇలా అయింది, ఉంటే కాదనేవాళ్ళు ఇంకొందరు. ఒక పేజీ కాగితం నిజంగా ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది ఆ లక్ష రూపాయల లెక్కతోనే చూద్దాం.

## అడుగు లైనుతో మొదలుపెడితే

మామూలుగా అందరూ ప్లాన్‌ని పై నుంచి కిందికి రాస్తారు. ఏ మార్కెట్, ఏ సెటప్ అన్నవాటి మీద మనసు పెట్టి, చివరి రెండు లైన్లకు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. నా అనుభవంలో దీన్ని తిరగేసి రాయాలి. ఎందుకంటే అడుగున ఉన్న "ఎప్పుడు ఆపాలి" అనే అంకె ఒక్కసారి తేలితే, పై మూడు లైన్లలో చాలా భాగం దానంతటదే తేలిపోతుంది.

అందుకే మొదట అడిగింది ఇది: ఈ లక్షలో ఎంత పోతే ఇంట్లో ఏదీ ఆగకుండా ఉంటుంది? తను కాసేపు లెక్కేసుకుంది. చీటీ వాయిదా వేరు, తమ్ముడి ఫీజు వేరు. "పదివేలు పోతే బాధపడతాను, అంతకు మించితే భయపడతాను" అంది. బాధకీ భయానికీ మధ్య గీత ఎక్కడుందో తనే చెప్పింది. కాబట్టి అడుగు లైను ఇది: ఖాతా 90,000కు దిగితే ట్రేడింగ్ పూర్తిగా ఆపాలి.

ఖాతా తన గరిష్ఠ స్థాయి నుంచి ఎంత కిందికి జారిందో దాన్ని డ్రాడౌన్ అంటారు. ఇక్కడ మొదటి పెట్టుబడి మీద 10 శాతం డ్రాడౌన్ హద్దు అన్నమాట. ఇది మార్కెట్ ఇచ్చిన అంకె కాదు, ఇల్లు ఇచ్చిన అంకె. ఇంకొకరికి 5 శాతం కావచ్చు, 15 కావచ్చు.

## పదివేలను ఎన్ని ముక్కలు చేయాలి?

తర్వాతి ప్రశ్న: ఒక్కో ట్రేడ్‌లో ఎంత పోవచ్చు? పుస్తకాల్లో, వీడియోల్లో పెట్టుబడిలో 1 శాతం అని కొందరు, 2 శాతం అని కొందరు చెబుతారు. ఒక్క శాతమే కదా తేడా అనిపిస్తుంది. లెక్క కట్టి చూస్తే ఆ తేడా చిన్నది కాదు.

2 శాతమంటే ట్రేడ్‌కు 2,000. వరసగా 5 నష్టాలు వస్తే పదివేలూ పోతాయి. 1 శాతమంటే ట్రేడ్‌కు 1,000. అప్పుడు వరసగా 10 నష్టాలు పట్టాలి.

వరసగా అయిదు నష్టాలు అంత తేలిగ్గా వస్తాయా? నూటికి 45 సార్లు గెలిచి, 55 సార్లు ఓడిపోయే సెటప్ ఒకటి ఉందనుకుందాం. గెలిచినప్పుడు పోగొట్టుకునేదానికి రెట్టింపు వస్తే, సగం కంటే ఎక్కువసార్లు ఓడినా ఇది లాభం ఇచ్చే సెటప్పే. దానితో 50 ట్రేడ్లు చేస్తే, మధ్యలో ఎక్కడో ఒకచోట వరసగా 5 నష్టాలు తగిలే అవకాశం దాదాపు నూటికి 70. వరసగా 10 నష్టాలు తగిలే అవకాశం నూటికి 5 దాకా మాత్రమే. ఒక ట్రేడ్ ఫలితానికీ ఇంకోదానికీ సంబంధం లేదనే ఊహ మీద వేసిన లెక్క ఇది.

అంటే 2 శాతం పెట్టుకుని, పదివేల దగ్గర ఆపేస్తానని రాసుకున్న మనిషి, మంచి సెటప్ చేతిలో ఉండి కూడా 50 ట్రేడ్ల లోపు ఎప్పుడో ఒకసారి వరసగా అయిదు దెబ్బలు తినే అవకాశమే ఎక్కువ. అది మొదట్లోనే తగిలితే కాగితం ప్రకారం అక్కడితో కథ ముగిసినట్టే. సెటప్ చెడ్డదై ఓడిపోవడం వేరు, అది మంచిదో కాదో తేలేలోపే డబ్బు అయిపోవడం వేరు. రెండోది చాలామందికి జరుగుతుంది, మొదటిదే జరిగిందని వాళ్ళు అనుకుంటారు.

2 శాతం వైపు వాదించేవాళ్ళకూ ఒక న్యాయం ఉంది. చిన్న పెట్టుబడిలో 1 శాతమంటే మరీ తక్కువ వస్తుంది, ఖర్చులే దాన్ని తినేస్తాయి అంటారు. నిజమే, ఆ ఖర్చుల లెక్క ముందుకు వెళ్ళాక చూస్తాం. లక్ష దగ్గర మాత్రం 1,000 రూపాయల రిస్క్ నిలబడుతుంది. ఇరవై వేల ఖాతాలో 200 రూపాయల రిస్క్ అయితే నిలబడటం కష్టం.

## మార్కెట్ లైను తనంతట తానే రాసుకుంటుంది

ఇప్పుడు మన దగ్గర రెండు అంకెలున్నాయి: ట్రేడ్‌కు 1,000, మొత్తానికి 10,000. వీటిని పట్టుకుని పై లైనుకు వెళ్దాం.

నిఫ్టీ ఫ్యూచర్స్ సంగతి చూద్దాం. సెబీ 2024 అక్టోబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్తగా వచ్చే ఇండెక్స్ కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలి. నిఫ్టీ 1 శాతం కదిలితే, ఒకసారి కనీసం కొనాల్సిన పరిమాణమైన ఒక్క లాట్ మీద 15,000 అటో ఇటో అవుతుంది. అంటే మామూలుగా ఒక రోజులో వచ్చే కదలికే మొత్తం హద్దును దాటేస్తుంది. ఫ్యూచర్స్ మంచివా చెడ్డవా అని వాదించాల్సిన పనే లేదు, అడుగున రాసిన అంకే వాటిని కొట్టేసింది.

ఆప్షన్లు కొనడం దగ్గర మా చెల్లి ఆగింది. "పెట్టిన ప్రీమియం కంటే ఎక్కువ పోదు కదా అన్నయ్యా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ప్రీమియం అంటే ఆప్షన్ కొనడానికి కట్టే ధర, కొనేవాడికి నష్టం దానితో ఆగిపోయే మాట నిజం. కానీ లాట్‌లో 75 యూనిట్లు ఉన్నాయనుకుంటే, 1,000 రూపాయల హద్దు 13 రూపాయల కదలికతో అయిపోతుంది. 100 రూపాయల ప్రీమియం 87కు రావడానికి నిమిషాలు చాలు, అదీ ఇండెక్స్ ఎటూ పెద్దగా కదలకుండానే. ఇక గడువు దగ్గరపడేకొద్దీ ప్రీమియంలో కాలం విలువ కరుగుతూ ఉంటుంది. రోజంతా కౌంటరు మీద ఇన్‌వాయిస్‌లు కొట్టే మనిషి దాన్ని చూస్తూ కూర్చోలేదు.

ఇంట్రాడేదీ అదే ఇబ్బంది. మార్కెట్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. సరిగ్గా తన డ్యూటీ టైమే అది. ఉద్యోగం వేళలు కూడా మార్కెట్ లైనులో భాగమేనని చాలా ప్లాన్లలో రాయరు.

మిగిలింది షేర్లు డెలివరీలో కొని కొన్ని రోజులు, వారాలు ఉంచడం. దీన్నే స్వింగ్ ట్రేడింగ్ అంటారు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చాక అరగంట చాలు. ఏ షేర్లు? నిఫ్టీ 50లో ఉన్నవి మాత్రమే అని రాసుకుంది. దీనికి కారణం పేరు ప్రతిష్ఠలు కాదు. చిన్న షేర్లకు రోజువారీ ధర హద్దులుంటాయి: 5 శాతమో, 10 శాతమో, 20 శాతమో. ధర కింది హద్దును తాకి లోయర్ సర్క్యూట్ పడితే కొనేవాడు ఉండడు, అమ్మేవాళ్ళ వరస మాత్రమే ఉంటుంది. అప్పుడు స్టాప్‌లాస్ పెట్టినా అది కాగితం మీదే ఉంటుంది. నిఫ్టీ 50 షేర్లకు ఎఫ్ అండ్ ఓ కూడా ఉంటుంది కాబట్టి అలా బిగుసుకుపోయే స్థిరమైన హద్దు ఉండదు. కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఎంత ధరకు అన్నదే ప్రశ్న.

## సెటప్: అవును, కాదు అని చెప్పగలిగేలా

సెటప్ అంటే, మనం ట్రేడ్‌లోకి దిగడానికి చార్టు మీద కనిపించాల్సిన పరిస్థితి. వీటిలో వందల రకాలున్నాయి. ఏది గొప్పదన్న చర్చ ఎప్పటికీ తెగదు, ఈ వ్యాసం దాన్ని తెంపబోదు కూడా. మా చెల్లి ఎంచుకున్నది పుల్‌బ్యాక్. పెరుగుతున్న షేరు కాస్త వెనక్కి తగ్గి, మళ్ళీ లేచేటప్పుడు కొనడం.

మాటల్లో ఇది తేలిక. కాగితం మీద ఇలా వచ్చింది: షేరు ముగింపు ధర 200 రోజుల మూవింగ్ యావరేజ్ పైన ఉండాలి. ధర దిగి 20 రోజుల యావరేజ్‌ను తాకాలి. ఆ తర్వాత ఏదో ఒక రోజు ముగింపు ధర, అంతకు ముందురోజు గరిష్ఠ ధర కంటే పైన ఉండాలి. అలా అయితే మర్నాడు కొనాలి. స్టాప్‌లాస్ ఆ దిగుడులోని కనిష్ఠ ధరకు కాస్త కింద. టార్గెట్, స్టాప్‌లాస్ దూరానికి రెట్టింపు. 15 ట్రేడింగ్ రోజుల్లో రెండిట్లో ఏదీ జరగకపోతే అమ్మేయాలి.

మూవింగ్ యావరేజ్ అంటే మనం ఎంచుకున్నన్ని గత రోజుల ముగింపు ధరల సగటు. 200 రోజులది దీర్ఘకాలపు వాలును, 20 రోజులది ఇటీవలి వాలును చూపిస్తుంది. అందులో మాయ ఏమీ లేదు. దాని ఉపయోగమల్లా, రాత్రి ఎనిమిదింటికి తను చూసినా నేను చూసినా "ఈ రోజు సిగ్నల్ ఉందా?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు రావడం. స్టాప్‌లాస్‌ను చార్టు చూసి కాకుండా అన్ని షేర్లకూ 3 శాతం దూరంలో పెట్టాలనేవాళ్ళూ ఉన్నారు. లెక్క సులువవుతుంది. కానీ రోజుకు 1 శాతం కదిలే షేరుకూ, 3 శాతం కదిలే షేరుకూ ఒకే కొలత సరిపోదు. రెండోదానికి మామూలు ఊగిసలాటలోనే స్టాప్ తగిలిపోతుంది.

## ఎన్ని షేర్లు? ఒక ట్రేడ్ లెక్క

ఒక షేరు 800 దగ్గర సిగ్నల్ ఇచ్చింది. దిగుడులో కనిష్ఠం 778, కాబట్టి స్టాప్ 776. దూరం 24 రూపాయలు. వెయ్యిని 24తో భాగిస్తే 41 షేర్లు.

ఇక్కడే చాలామంది ఖర్చులు మర్చిపోతారు. డెలివరీలో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను పడుతుంది. కొనుగోలు మీద 0.015 శాతం స్టాంప్ డ్యూటీ. ఎక్స్ఛేంజ్ చార్జీలు చిల్లర. అమ్మిన రోజు డీమ్యాట్ నుంచి షేర్లు కదిలినందుకు ఓ పదిహేను, ఇరవై రూపాయలు. బ్రోకరు డెలివరీకి కమిషన్ తీసుకోకపోయినా, 32,800 రూపాయల ఈ ట్రేడ్ మీద ఇవన్నీ కలిపి 90 దాకా అవుతాయి. స్టాప్ తగిలితే 41 షేర్ల మీద 984, ఖర్చులతో 1,070 పైన పోతుంది. వెయ్యి హద్దు దాటేసింది.

అందుకే ముందే ఖర్చును కలుపుకోవాలి. ఈ సైజులో ఒక్కో షేరుకు సుమారు 2 రూపాయల 20 పైసలు. 24కు అది కలిపితే 26.20. వెయ్యిని దానితో భాగిస్తే 38 షేర్లు. స్టాప్ తగిలితే 912, ఖర్చులు 82 దాకా, మొత్తం 994. టార్గెట్ 848 అందితే 1,824లో ఖర్చులు పోను దాదాపు 1,740 చేతికొస్తుంది. రెండింతలు అనుకున్న లాభం నిజానికి ఒకటిముప్పావు రెట్లే. ఏడాది లోపు అమ్మిన షేర్ల లాభం మీద 20 శాతం పన్ను, ఆ లెక్క ఏడాది చివర వేరే.

38 షేర్లంటే 30,400 రూపాయలు. లక్షతో ఇలాంటివి మూడు ఒకేసారి పట్టుకోవచ్చు, అంతకు మించి డబ్బే ఉండదు.

ఇప్పుడు ఇదే లెక్కను స్టాప్ దగ్గరగా ఉన్న షేరుకు వేద్దాం. దూరం 24 కాకుండా 8 రూపాయలైతే, ఖర్చులు కలిపి షేరుకు 10 లోపే. వెయ్యి రూపాయల రిస్క్‌కు 100 షేర్లు వస్తాయి, అంటే 80,000. రిస్క్ అదే వెయ్యి అని సూత్రం చెబుతోంది. కానీ ఖాతా మొత్తం ఒకే షేరులో కూర్చుంది. ఈ సూత్రానికి రెండో తాళం వేయాలి: ఏ ఒక్క షేరులోనూ ఖాతాలో మూడో వంతు మించకూడదు. అదెందుకో తర్వాతి భాగం చూస్తే తెలుస్తుంది.

## స్టాప్‌లాస్ పనిచేయని రాత్రి

పగలు మార్కెట్ నడుస్తున్నప్పుడు 776 దగ్గర స్టాప్ తగిలితే 775కో 776కో అమ్ముడవుతుంది. రాత్రి సంగతి వేరు. కంపెనీ ఫలితాలు సాయంత్రం ఆరింటికి వచ్చాయి, బాగాలేవు. నిన్న 805 దగ్గర ముగిసిన షేరు ఈ ఉదయం 740 దగ్గర తెరుచుకుంది. 776 అనే ధర ఆ రోజు అసలు రానేలేదు. 38 షేర్ల మీద నష్టం 2,280. ఖాతాలో 80,000 పెట్టి 100 షేర్లు కొన్నవాళ్ళకు అదే దూకుడు 6,000. ఇద్దరి కాగితాల మీదా రిస్క్ 1,000 అనే ఉంది.

దీన్ని గ్యాప్ అంటారు. ఒక్క కంపెనీకే కాదు, మార్కెట్ మొత్తానికీ రావచ్చు. 2024 జూన్ 4న, లోక్‌సభ ఫలితాల రోజు, నిఫ్టీ ఒక్క రోజులో దాదాపు 6 శాతం పడింది. ఆ రోజు చేతిలో మూడు షేర్లుంటే మూడు వేరువేరు రిస్కులు కావు, ఒకటే రిస్క్ మూడు చోట్ల. అందుకే మా చెల్లి కాగితంలో రెండు చిన్న వాక్యాలు చేరాయి: ఒకే రంగం నుంచి రెండు షేర్లు ఉండకూడదు, ఫలితాల తేదీ ముందురోజు అమ్మేసి బయటికి రావాలి.

స్టాప్ ఆర్డర్ పెట్టే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజు సాయంత్రంతో రద్దవుతుంది. రోజుల తరబడి ఉండాలంటే బ్రోకరు యాప్‌లో, ధర తగిలేదాకా నిలిచి ఉండే జీటీటీ ఆర్డర్ పెట్టుకుంటారు. ధర తగిలినప్పుడు బ్రోకరు సిస్టమ్ అప్పుడు ఎక్స్ఛేంజ్‌కి లిమిట్ ఆర్డర్ పంపుతుంది. ట్రిగర్ 776, లిమిట్ 772 అని పెట్టారనుకోండి. 740 దగ్గర తెరుచుకుంటే ట్రిగర్ అయితే కొడుతుంది, కానీ 772 కంటే తక్కువకు అమ్మదు. షేరు మీ దగ్గరే ఉంటుంది, కిందికి జారుతూనే ఉంటుంది. షాపులో ఉన్న మనిషికి స్టాప్ తగిలిందన్న మెసేజ్ మాత్రం వస్తుంది. అమ్ముడుపోయిందా లేదా అన్నది ఆర్డర్ బుక్ తెరిస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి. అమ్మిన షేర్లను బ్రోకరు తీసుకోవడానికి ముందే సంతకం చేసిచ్చే డీడీపీఐ అనే అనుమతి డీమ్యాట్ ఖాతాకు ఇవ్వకపోతే, డెలివరీ షేర్లు అమ్మాలంటే ఆ రోజు టీపిన్, ఓటీపీతో అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి లేకుండా జీటీటీ ట్రిగరైతే ఆర్డర్ తిరస్కారానికి గురవుతుంది. మొదటిసారి ట్రేడ్ చేసేవాళ్ళలో ఎంతమందికి ఇది నష్టపోయాకే తెలుస్తుందో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఒక్క సంతకంతో పోయే ఇబ్బంది ఇది.

## ఆపడం అంటే ఒకటి కాదు, మూడు

అడుగు లైనుకు మళ్ళీ వద్దాం. గుంటూరులో మిర్చి టిక్కీలను ఏసీ గోడౌనులో పెట్టిన ఇళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. టిక్కీలు లోపల పెట్టేటప్పుడే ఏ రేటుకు వదిలేయాలో అనుకున్నవాళ్ళు వేరు, రేటు పడేకొద్దీ "ఇంకొక్క నెల చూద్దాం" అంటూ అద్దె కట్టుకుంటూ పోయినవాళ్ళు వేరు. సరుకు అదే, గోడౌను అదే, నిర్ణయం తీసుకున్న రోజే వేరు.

ట్రేడింగ్‌లో ఆపడం మూడు కారణాలకు ఉంటుంది, వాటిని కలిపేయకూడదు. ఒకటి డబ్బు: నెలలో 4,000 పోతే ఆ నెలంతా కొత్త ట్రేడ్ లేదు, ఖాతా 90,000 తాకితే పూర్తిగా ఆగాలి. రెండు మార్కెట్: నిఫ్టీ తన 200 రోజుల యావరేజ్ కింద ముగిస్తే కొత్తగా కొనకూడదు, ఎందుకంటే ఈ సెటప్ పెరిగే మార్కెట్ కోసం రాసుకున్నది. మూడు మనిషి: నెలలో రెండుసార్లు కాగితాన్ని దాటితే, ఆ ట్రేడ్లలో లాభమొచ్చినా సరే, ఆపాలి.

డబ్బు హద్దు మీద అనుభవమున్నవాళ్ళ మధ్యే భేదాభిప్రాయం ఉంది. వరస నష్టాల తర్వాత ఆపడం తప్పని ఒక వాదన. మంచి సెటప్‌కు కూడా వరస నష్టాలు వస్తాయని పైన లెక్కలోనే చూశాం. ట్రేడ్‌కు జ్ఞాపకం ఉండదు, నాలుగు ఓడాక అయిదోది గెలిచే అవకాశం ఏమీ తగ్గదు. అప్పుడు ఆపితే, పోయినవాటిలో ఉండి, రాబోయేవాటిలో లేకుండా పోతాం. ఇది గట్టి వాదన.

దీనికి ఎదురు వాదన: ఆ 45 శాతం గెలుపు అన్నది మనం ఊహించుకున్న అంకె. కొత్తవాళ్ళకు తమ సెటప్ నిజంగా ఎంత గెలుస్తుందో తెలియదు. వరస నష్టం దురదృష్టమా, సెటప్ పనికిరాదన్న సంకేతమా అన్నది అప్పటికి విడదీయలేరు. పైగా ట్రేడ్‌కు జ్ఞాపకం లేకపోయినా మనిషికి ఉంటుంది. నాలుగు దెబ్బలు తిన్నాక అయిదో ట్రేడ్‌లో రెట్టింపు షేర్లు కొనే చెయ్యి, మొదటి ట్రేడ్ చేసిన చెయ్యి కాదు.

ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకున్నవాళ్ళకు మొదటి వాదన సరిపోతుందని, మొదటి 50 ట్రేడ్ల లోపువాళ్ళకు రెండోదే సరిపోతుందని నాకు అనిపిస్తుంది. మధ్యేమార్గం ఒకటుంది. ఖాతా 95,000కు దిగగానే రిస్క్‌ను 1,000 నుంచి 500కు తగ్గించడం. మిగిలిన 5,000తో అయిదు ట్రేడ్లకు బదులు పది ట్రేడ్లు చూడొచ్చు. కోలుకోవడం నెమ్మదిస్తుంది, అది దీని ధర. మా చెల్లి దీన్నీ రాసుకుంది.

చాలా ప్లాన్లలో లేని లైను ఇంకోటి ఉంది: మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? అది రాయకపోతే ఆపడం అన్నది కోపం తగ్గేదాకే ఉంటుంది. తన కాగితంలో ఇలా ఉంది: ఆపాక, డబ్బు పెట్టకుండా అయిదు సిగ్నల్స్‌ను కాగితం మీదే ట్రేడ్ చేసి, అయిదింటిలోనూ నియమం తప్పకపోతేనే మళ్ళీ దిగాలి. లాభం వచ్చిందా లేదా అన్నది ఇక్కడ షరతు కాదు.

## మూడు నెలల లెక్క

ఇప్పటికి తను 11 ట్రేడ్లు పూర్తి చేసింది. నాలుగు లాభాలు, ఏడు నష్టాలు. రెండు టార్గెట్లు తగిలి 3,480 వచ్చింది, 15 రోజుల గడువు ముగిసి అమ్మిన రెండింటిలో 900. నష్టాల్లో అయిదు స్టాప్ దగ్గర, ఒక్కోటి 990 చొప్పున 4,950. ఇంకో రెండు మూడో నెలలో వచ్చాయి. ఒకదానిలో ఫలితాల ముందురోజు అమ్మకుండా ఉంచేసింది, 1,850 పోయింది. ఇంకోదానిలో ధర స్టాప్ దగ్గరకు వస్తుంటే స్టాప్‌ను కిందికి జరిపింది, 1,400 పోయింది. అంతా కలిపి 3,820 నష్టం. ఖాతాలో 96,180.

ప్రతి ట్రేడ్ పక్కన "నియమం పాటించానా?" అని ఒక గడి పెట్టుకుంది కాబట్టి ఈ 3,820ని విడదీయగలిగాం. మొదటి ట్రేడ్ ఫలితాల ముందురోజు కొన్న ధర దగ్గరే ఉంది, అప్పుడే అమ్మితే ఖర్చుల 80 మాత్రమే పోయేది. రెండోది అసలు స్టాప్ దగ్గర 990తో ఆగేది. అంటే 2,180 రూపాయలు నియమం దాటినందుకు పోయినవి, 1,640 సెటప్ వల్ల పోయినవి. ఆ 1,640ని బట్టి సెటప్ మంచిదో చెడ్డదో చెప్పడానికి 11 ట్రేడ్లు చాలవు. 2,180 గురించి చెప్పడానికి మాత్రం రెండే చాలు. ఈ లక్షను ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి ఉంటే ఎంతయ్యేదో రాసుకోవడానికి పక్కనే ఇంకో గడి గీసింది. ఏడాది చివర రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తానంది.

ఖాతా ఏ డబ్బు హద్దునూ తాకలేదు. కానీ ఒకే నెలలో రెండుసార్లు "లేదు" అని పడింది కాబట్టి కాగితం ప్రకారం ఆగాలి. ఆగిన మూడో రోజే తన లిస్టులో ఒక షేరు సిగ్నల్ ఇచ్చి టార్గెట్ దాకా పోయింది. "చూశావా అన్నయ్యా, పోయింది" అని ఆ రాత్రే ఫోన్ చేసింది. దాన్ని కాగితం మీద రాసుకున్నావా అని అడిగాను. రాసుకుందట. అయిదింటిలో అది మొదటిది, ఇంకా నాలుగున్నాయి.